అపోహలు – వాస్తవాలు: మిప్స్, ఫ్లాప్స్ ఎక్కువ ఉంటే ప్రోగ్రాం వేగంగా నడుస్తుందా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్‌ని కొలిచే డీఓ మీటర్లకు ప్రోగ్రాములు రాయడం నా పని. దాంతోపాటు కాలువల్లో నీటిమట్టాలు లెక్కగట్టే మోడళ్లు నడిపే మిత్రులకు, వాళ్ల ప్రోగ్రాం ఎక్కడ నెమ్మదిస్తోందో వెతికి చూపిస్తుంటాను. ఒకటి అరచేతిలో పట్టే బోర్డు, ఇంకొకటి వర్క్‌స్టేషన్. కానీ కొనేటప్పుడు రెండుచోట్లా ఒకే పొరపాటు జరుగుతోంది. డేటాషీట్‌లో పెద్ద అంకె ఎక్కడుందో చూసి, అదే వేగం అనుకుంటున్నారు.

అపోహ: మిప్స్ ఎక్కువున్న చిప్ మీద ప్రోగ్రాం త్వరగా పూర్తవుతుంది.

మిప్స్ అంటే సెకనుకు ఎన్ని మిలియన్ల ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయన్న లెక్క. అది పని ఎంత జరిగిందో చెప్పదు. ఒకే పనికి ఒక చిప్ రెండు వేల ఇన్‌స్ట్రక్షన్లు వాడితే, ఇంకో చిప్‌కి యాభై వేలు కావాల్సి రావచ్చు. ఆ యాభై వేలు ఎంత చురుగ్గా నడిచినా, మనకు కావాల్సిన జవాబు ఆలస్యంగానే వస్తుంది.

ఇలాంటి మీటర్లలో వాడే ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్ చిప్‌ల కుటుంబం నుంచే ఉదాహరణ తీసుకుందాం. ఎఫ్205 చిప్‌లో కార్టెక్స్-ఎం3 కోర్ ఉంటుంది, క్లాక్ 120 మెగాహెర్ట్జ్, డేటాషీట్‌లో 150 డీమిప్స్ అని రాసి ఉంటుంది. ఎఫ్401లో కార్టెక్స్-ఎం4 కోర్, 84 మెగాహెర్ట్జ్, 105 డీమిప్స్. కాగితం మీద మొదటిదే గట్టిది. మా దగ్గర పనిచేసే కుర్రాడు కూడా "అన్నా, 150 ఉన్నది వదిలేసి 105ది తీసుకోమంటావేంటి?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

ఈ డీమిప్స్ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. డ్రైస్టోన్ అనే పాత టెస్ట్ ప్రోగ్రాం ఉంది. దాన్ని చిప్ సెకనుకు ఎన్నిసార్లు నడిపిందో చూసి, ఆ సంఖ్యను 1757తో భాగిస్తారు. 1757 అనేది వాక్స్-11/780 అనే పాత కంప్యూటర్ సాధించిన స్కోరు. ఆ యంత్రాన్ని '1 మిప్స్'కి కొలమానంగా పెట్టుకున్నారు గానీ, నిజానికి అది సెకనుకు సుమారు అయిదు లక్షల సొంత ఇన్‌స్ట్రక్షన్లే నడిపేది. అంటే కొలబద్దే సరిగ్గా లేదు. మన పనికి ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. డ్రైస్టోన్‌లో దశాంశ లెక్కలు, అంటే ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు, ఒక్కటి కూడా లేవు. డీఓ మీటర్‌లో ఉండేవి దాదాపు అన్నీ అవే: నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం బట్టి ఆక్సిజన్ సాచురేషన్ ఎంతో కట్టాలి, ప్రోబ్ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఫిల్టర్ చేయాలి.

ఎఫ్401లో ఆ దశాంశ లెక్కల కోసం విడిగా ఎఫ్‌పీయూ అనే యూనిట్ ఉంది. కూడిక, గుణకారం ఒక్కో సైకిల్‌లో, అంటే క్లాక్ ఒక్కసారి కొట్టేలోపు, అయిపోతాయి, భాగహారానికి 14 సైకిళ్లు పడుతుంది. ఎఫ్205లో ఎఫ్‌పీయూ లేదు. అక్కడ ప్రతి దశాంశ గుణకారాన్నీ కంపైలర్ ఒక లైబ్రరీ ఫంక్షన్‌కి పంపిస్తుంది. ఆ ఫంక్షన్ బిట్లను విడదీసి, జరిపి, గుణించి, మళ్లీ అతికించి ఇస్తుంది.

గుండ్రని అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఒక రీడింగుకు 800 కూడికలు, గుణకారాలు, 200 భాగహారాలు, వీటికి తోడు 1,500 సైకిళ్లు పట్టే 1,000 మామూలు ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయనుకోండి. ఎఫ్401 మీద మొత్తం 2,000 ఇన్‌స్ట్రక్షన్లు. సైకిళ్లు 800 + 2,800 + 1,500 = 5,100. 84 మెగాహెర్ట్జ్ దగ్గర 61 మైక్రోసెకన్లలో పని పూర్తవుతుంది. మిప్స్ కట్టి చూస్తే 33 మాత్రమే వస్తుంది.

ఎఫ్205 మీద ఒక్కో కూడిక, గుణకారానికి 40 ఇన్‌స్ట్రక్షన్లు, భాగహారానికి 120 అని ఉజ్జాయింపుగా పెట్టుకుందాం. మొత్తం 57,000 ఇన్‌స్ట్రక్షన్లు అవుతాయి. అవన్నీ చిన్న చిన్నవి, ఒక్కోటి సుమారు సైకిలుంపావులో అయిపోతాయి కాబట్టి మొత్తం 71,500 సైకిళ్లు. 120 మెగాహెర్ట్జ్ దగ్గర 596 మైక్రోసెకన్లు. ఇక్కడ మిప్స్ 96! రేటింగు మూడింతలు, సమయం పదింతలు. ఎఫ్‌పీయూలో జరిగే ఒక్క భాగహారం 14 సైకిళ్లు తీసుకుని ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గానే లెక్కకొస్తుంది కాబట్టి అది మిప్స్‌ని కిందికి లాగుతుంది. లైబ్రరీ ఫంక్షన్‌లో జరిగే చాకిరీ అంతా మిప్స్‌ని పైకి లేపుతుంది.

ఒక్క రీడింగుకైతే ఈ తేడా ఎవరికీ కనపడదు. పది ప్రోబుల సిగ్నల్‌ను సెకనుకు వందసార్లు ఇలా ప్రాసెస్ చేస్తే మాత్రం, ఒక చిప్ సెకనులో 6 శాతం సేపే మేలుకుని ఉంటుంది, రెండోది 60 శాతం సేపు. చెరువు గట్టు మీద సోలార్ ప్యానెల్, చిన్న బ్యాటరీతో నడిచే మీటరుకి ఇది పెద్ద తేడా. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే, బ్యాటరీ బాగా తగ్గి ఉండేదీ అప్పుడే.

ఎఫ్‌పీయూ ఉన్న చిప్ కొన్నాక కూడా పడిపోయే గొయ్యి ఒకటుంది. ఎఫ్401లోని ఎఫ్‌పీయూకి సింగిల్ ప్రెసిషన్, అంటే 32 బిట్ల దశాంశ సంఖ్యలు, మాత్రమే వచ్చు. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా చాలు:

```c
float a = t * 1.8;    /* డబుల్: లైబ్రరీకి పోతుంది */
float b = t * 1.8f;   /* ఎఫ్‌పీయూ చేస్తుంది */
```

మొదటి లైనులో `1.8` డబుల్, అంటే 64 బిట్ల సంఖ్య కాబట్టి, `t`ని కూడా డబుల్‌గా మార్చి, లైబ్రరీలో గుణించి, మళ్లీ వెనక్కి మారుస్తుంది. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పట్టుకోవడం తేలికే. కంపైల్ చేసేటప్పుడు `-Wdouble-promotion` పెడితే హెచ్చరిక వస్తుంది. లేదా తయారైన ఫైల్లో ఆ ఫంక్షన్లు ఉన్నాయేమో చూడొచ్చు:

```
arm-none-eabi-objdump -d prog.elf | grep __aeabi_d
```

`__aeabi_dmul`, `__aeabi_ddiv` కనపడ్డాయంటే, ఆ లెక్కలు జరిగేటప్పుడు మీ ఎఫ్‌పీయూ ఖాళీగా కూర్చుని ఉందన్నమాట. అసలు సమయం తెలియాలంటే చిప్‌లోనే ఉన్న `DWT->CYCCNT` సైకిల్ కౌంటర్‌ని ఆన్ చేసి, లెక్కకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చదివి తీసివేయండి.

అపోహ: పీక్ ఫ్లాప్స్ రెట్టింపైతే, దశాంశ లెక్కలున్న ప్రోగ్రాం రెట్టింపు వేగంగా నడుస్తుంది.

ఫ్లాప్స్ అంటే సెకనుకు ఎన్ని దశాంశ లెక్కలు జరుగుతాయన్న అంకె. పీక్ ఫ్లాప్స్ అనేది కొలిచిన అంకె కాదు, గుణించిన అంకె. ఎనిమిది కోర్లు, 3 గిగాహెర్ట్జ్, ఒక్కో కోర్ సైకిల్‌కి 16 లెక్కలు: మొత్తం 384 గిగాఫ్లాప్స్. ఆ 16 ఎలా వచ్చిందంటే, ఒకేసారి నాలుగు డబుల్ సంఖ్యలు పట్టే రిజిస్టర్, అలాంటి యూనిట్లు రెండు, ఒక్కో దెబ్బకు గుణకారం, కూడిక రెండూ. ప్రతి సైకిల్‌లో ప్రతి యూనిట్‌కీ డేటా సిద్ధంగా ఉంటేనే ఆ అంకె నిజమవుతుంది.

కాలువ మోడల్‌లో ఉండే లూప్ ఇలా ఉంటుంది:

```c
for (i = 0; i < n; i++)
    h[i] = h[i] + k * q[i];
```

ఒక్కో పాయింటుకి రెండు లెక్కలు. దానికోసం `h`, `q` చదవాలి, `h` మళ్లీ రాయాలి. మొత్తం 24 బైట్లు మెమరీ నుంచి కదలాలి. 10 కోట్ల పాయింట్లుంటే 2.4 గిగాబైట్లు. ఇప్పుడు రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టండి. మొదటిది పైన చెప్పిన 384 గిగాఫ్లాప్స్‌ది, మెమరీ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 50 గిగాబైట్లు. రెండోదాంట్లో నాలుగే కోర్లు, 192 గిగాఫ్లాప్స్, కానీ మెమరీ ఛానెళ్లు ఎక్కువుండి 80 గిగాబైట్లు. మొదటిది ఒక్క రౌండు ముగించడానికి 48 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, రెండోది 30. పీక్ సగమే ఉన్న యంత్రం పని ముందు ముగించింది. మొదటిది నిజంగా అందుకున్నది 4.2 గిగాఫ్లాప్స్, అంటే తన పీక్‌లో ఒక శాతం పైచిలుకు. కాలువలో నీరు అందనప్పుడు ఒడ్డున ఎన్ని హెచ్‌పీల మోటారు పెట్టినా చేనుకి వచ్చేది అంతే కదా.

ఇది చిన్న యంత్రాల సంగతే అనుకోకండి. 2022 జూన్‌లో అమెరికాలోని ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్ హెచ్‌పీఎల్ టెస్టులో 1,102 పెటాఫ్లాప్స్ చూపించి మొదటి స్థానానికి వచ్చింది. జపాన్‌కి చెందిన ఫుగాకుది 442. హెచ్‌పీఎల్ దట్టంగా నిండిన మాట్రిక్సుల సమీకరణాలు సాధిస్తుంది, ఒకసారి తెచ్చిన సంఖ్యను చాలాసార్లు వాడుకుంటుంది. ఎక్కువ భాగం సున్నాలుండే మాట్రిక్సులతో నడిచే హెచ్‌పీసీజీ టెస్టులో మాత్రం ఫుగాకు 16 పెటాఫ్లాప్స్ చేస్తే, ఫ్రాంటియర్ 14 దగ్గర ఆగింది. వరద మోడళ్లు, కాలువ మోడళ్లు ఈ రెండో రకానికే దగ్గర.

అపోహ: పీక్ సంగతి సరే, ప్రోగ్రాం నిజంగా అందుకున్న ఫ్లాప్స్ ఎక్కువుంటే అది మంచి ప్రోగ్రామే.

చదువుకున్నవాళ్లు ఎక్కువగా పడేది దీంట్లోనే. ధవళేశ్వరం నుంచి దిగువకు పోయే ఒక కాలువని 5,000 సెక్షన్లుగా విడగొట్టారనుకోండి. ఒక్కో సెక్షన్‌లో నీటిమట్టం దాని ఎగువ, దిగువ సెక్షన్లతోనే ముడిపడి ఉంటుంది. కాబట్టి మాట్రిక్స్‌లో మూడు కర్ణాల్లో తప్ప మిగతా అంతా సున్నాలే. దాన్ని మామూలు నిండు మాట్రిక్స్‌గా లైబ్రరీకి ఇస్తే సుమారు 8,300 కోట్ల లెక్కలు చేస్తుంది. ఆ సున్నాల మీద చేసే లెక్కలే దాదాపు అన్నీ. 150 గిగాఫ్లాప్స్‌తో అద్భుతంగా నడుస్తుంది, 0.55 సెకన్లలో ముగుస్తుంది.

అదే మూడు కర్ణాలకు సరిపడే థామస్ పద్ధతి వాడితే 40,000 లెక్కలు చాలు. ప్రతి లెక్కా ముందు లెక్క కోసం ఆగాలి, భాగహారాలూ ఉంటాయి. అందువల్ల 0.4 గిగాఫ్లాప్స్ వస్తే గొప్ప. అయినా 0.1 మిల్లీసెకనులో పని అయిపోతుంది. ఒక రోజు ప్రవాహాన్ని నిమిషం నిమిషానికీ లెక్కగట్టాలంటే ఈ పని 1,440 సార్లు చేయాలి. మొదటి పద్ధతికి 13 నిమిషాలు, రెండోదానికి సెకనులో ఏడో వంతు. ఫ్లాప్స్ రిపోర్టు మాత్రమే చూసేవాళ్లకి రెండో ప్రోగ్రాం పనికిరానిదిగా కనపడుతుంది. నన్నడిగితే, సమయం పక్కన లేకుండా ఫ్లాప్స్ చూపించే ఏ గ్రాఫునీ ఒప్పుకోకూడదు.

పీక్ ఫ్లాప్స్‌కి దగ్గరగా నడిచే పనులూ ఉన్నాయి. పెద్ద నిండు మాట్రిక్సుల గుణకారం అలాంటిది. మీ పని నిజంగా అదే అయితే ఆ అంకె చూసి కొనడంలో తప్పు లేదు. కాకపోతే, దుకాణంలోనో మిత్రుడి దగ్గరో ఉన్న యంత్రం మీద మీ ప్రోగ్రాంనే `time ./prog` అని నడిపి చూడండి. లినక్స్ అయితే ఇది ఇంకాస్త చెబుతుంది:

```
perf stat -e instructions,cycles ./prog
```

రెండు యంత్రాల్ని పోల్చేటప్పుడు గడిచిన సమయమే చూడండి. ఇన్‌స్ట్రక్షన్ల లెక్క, ఆ సమయం ఎందుకు పెరిగిందో వెతకడానికి. ఒక్క జాగ్రత్త: డెమో కోసం మోడల్‌ని చిన్నది చేయొద్దు. పైన చెప్పిన లూప్‌ని 10 కోట్లకు బదులు లక్ష పాయింట్లతో నడిపితే మొత్తం 1.6 మెగాబైట్లే కాబట్టి ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ అయిన కాష్‌లో సరిపోతుంది, మెమరీ బ్యాండ్‌విడ్త్‌తో పని పడదు, 384 గిగాఫ్లాప్స్ యంత్రమే గెలిచినట్టు కనపడుతుంది. మీరు రోజూ నడిపే సైజుతోనే నడపండి.