రాఫ్ట్ పునాదిలో పై మ్యాట్, చైర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: భవనం మొత్తం కింద ఒకే పలకలా పోసే రాఫ్ట్‌లో బరువు మోసేది కింది రాడ్ల అల్లిక, అంటే కింది మ్యాటే, పైది పగుళ్లు రాకుండా వేసేది.

విశాఖలో ఇసుక నేల మీద అపార్ట్‌మెంట్లకు రాఫ్ట్ వేసేటప్పుడు నాకు తరచూ వినిపించే మాట ఇది. శ్లాబ్ పనికి అలవాటు పడ్డవాళ్లు అలా అనుకోవడం సహజమే. శ్లాబ్‌లో దూలాల మధ్య లాగుడు కింది వైపు వస్తుంది. రాఫ్ట్‌లో నేల పైకి నెడుతుంది, స్తంభాలు అదిమి పడతాయి. అందుకే స్తంభం అడుగున లాగుడు కింది మ్యాట్‌పై పడితే, స్తంభాల మధ్య పై మ్యాట్‌పై పడుతుంది. పై మ్యాట్ దిగిపోతే ఆ భాగం బలమే తగ్గుతుంది.

అపోహ: పై మ్యాట్‌ను ఎత్తి నిలబెట్టే వంచిన రాడ్లు, అంటే చైర్లు దండగ. కాంక్రీట్ పోసేటప్పుడు కుర్రాళ్లు కొక్కెంతో పైకి లాగుతారు.

600 మి.మీ. మందం రాఫ్ట్ తీసుకుందాం. రెండు మ్యాట్లలోనూ 16 మి.మీ. రాడ్లు, 150 మి.మీ. దూరంలో, రెండు వైపులా. పైనా కిందా కవర్, అంటే రాడ్లను కప్పే కాంక్రీట్ మందం, 50. పై వరుస రాడ్డు మధ్య నుంచి రాఫ్ట్ అడుగు వరకు 542 మి.మీ. వస్తుంది. మనుషులు నడిచి, పంపు పైపు లాగి మ్యాట్ 80 మి.మీ. దిగిందంటే అది 462 అవుతుంది. అంటే అక్కడ దాదాపు 15 శాతం బలం పోయినట్టే. కాంక్రీట్‌లో మునిగిన మ్యాట్‌ను లాగినా, చేయి వదలగానే మళ్లీ దిగుతుంది.

ఇక చైర్ ఎత్తు. 600లో రెండు కవర్లు 100, రెండు మ్యాట్ల రాడ్ల మందం 64 తీసేస్తే 436 మి.మీ. 12 మి.మీ. రాడ్డుతో, పైన 400, అడుగున ఒక్కో పాదం 300 పెడితే చైర్ సుమారు 1.66 కిలోలు. మీటరుకొకటి చొప్పున రెండు వైపులా పెడితే, ఈ రాఫ్ట్‌లో చదరపు మీటరుకు పడే దాదాపు 42 కిలోల స్టీల్‌లో ఇది 4 శాతం. మొదటే బార్ బెండింగ్ షెడ్యూల్‌లో రాయించండి, తర్వాత గొడవ ఉండదు.

అపోహ: చైర్ కాళ్లు రాఫ్ట్ కింద ముందుగా పోసే పలచటి కాంక్రీట్ పొర, అంటే పీసీసీ మీద ఆనినా ఫర్వాలేదు.

మన సముద్రపు గాలి, ఉప్పు చెమ్మ ఉన్నచోట అసలు కుదరదు. కవర్ లేని కాలు కొస నుంచే తుప్పు పైకి పాకుతుంది. పాదాలు కింది మ్యాట్ రాడ్ల మీద నిలిపి, బైండింగ్ వైరుతో కట్టాలి. ఆ పాదాల కింద తప్పనిసరిగా కాంక్రీట్ కవర్ బ్లాకులు ఉండాలి. లేకపోతే పైబరువంతా దిగి కింది మ్యాట్ పీసీసీని తాకుతుంది. ఇటుక ముక్కలు వద్దు, అవి నీరు పీలుస్తాయి.

స్తంభం అడుగున అదనపు రాడ్లు రెండో వరుసగా వస్తే, వరుసల మధ్య 25 మి.మీ. స్పేసర్ రాడ్డు ముక్కలు మీటరుకొకటి పెట్టించండి. వరుసలు అంటుకుంటే మధ్యలోకి కంకర దూరదు, అక్కడ గుల్ల పడుతుంది.

కాంక్రీట్‌కు ముందు రాఫ్ట్ పైమట్టానికి దారం లాగి, మ్యాట్ వరకు కొలవండి. 50 నుంచి 60 మి.మీ. మధ్య ఉండాలి. తర్వాత ఒక మనిషిని రెండు చైర్ల మధ్య నిలబెట్టి మళ్లీ కొలవండి. 60 దాటిన చోట అదనంగా చైర్ పెట్టించాకే పంపు ఆన్ చేయించండి.