గొడవ తర్వాత కూతురికి పంపే నాలుగు లైన్లు

అమ్మ తిడుతున్నప్పుడు పిల్లల మెదడులో ఏం జరుగుతుందో చూడటానికి పిట్స్‌బర్గ్, బర్క్లీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి ఒక ప్రయోగం చేశారు. 9 నుంచి 17 ఏళ్ల వయసున్న, ఆరోగ్యంగా ఉన్న 32 మందిని ఎంచుకున్నారు. వాళ్ల తల్లుల మాటలు ముందే రికార్డు చేశారు. వాటిలో కొన్ని మెచ్చుకోళ్లు, కొన్ని మామూలు కబుర్లు. కొన్ని మాత్రం "నీలో నాకు నచ్చనిదేంటంటే" అని మొదలయ్యే విమర్శలు. వాటిలో ఒక ఫిర్యాదు మన ఇళ్లలోనూ రోజూ వినిపించేదే: కింద వదిలేసిన బూట్లు పైకి తీసుకెళ్లి గదిలో పెట్టుకోమంటే చాలు, కోపం వచ్చేస్తుందట.

పిల్లల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, 30 సెకన్ల చొప్పున ఆ మాటలు వినిపించారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు కబుర్లు విన్నప్పటితో పోలిస్తే, విమర్శ విన్నప్పుడు ఉద్వేగానికి సంబంధించిన భాగాలు ఎక్కువ చురుగ్గా మారాయి. ఆ ఉద్వేగాన్ని అదుపులో పెట్టే భాగాలు నెమ్మదించాయి. అవతలి మనిషి మనసులో ఏముందో ఊహించడానికి వాడే భాగాల్లోనూ చురుకు తగ్గింది. మెదడులో ఒక భాగం చురుకు తగ్గిందని చెప్పి, ఆ పిల్ల ఏం అనుకుంటోందో కచ్చితంగా చెప్పలేం. పైగా 32 మంది చాలా చిన్న సంఖ్య. అయినా ఈ ఫలితం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. "అమ్మ ఎందుకు అలా అంది" అని కూతురు అర్థం చేసుకోవాలని మనం ఎంతగానో కోరుకునేది సరిగ్గా తిట్టే సమయంలోనే. అలా ఆలోచించడం తనకు అన్నిటికంటే కష్టమయ్యేదీ బహుశా అప్పుడే.

అందుకే గొడవ అయిన గంటలోనే వివరణలతో పంపే పొడుగు మెసేజ్ పనిచేయదు. రాసిన అమ్మకు అది వివరణే, చదివే కూతురికి మాత్రం అదే గొడవ మళ్లీ మొదలైనట్టుంటుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. రాత్రి పదకొండున్నరకు ఫోన్‌లో ఫ్రెండ్స్‌తో చాట్ చేస్తోంది. అమ్మ వచ్చి ఫోన్ లాక్కుంది. "నీకు నా మీద నమ్మకమే లేదు" అని కూతురు అరిచింది. "నమ్మేలా ఉంటే కదా" అని అమ్మ అనేసింది. ఇద్దరూ పడుకోలేదు. పొద్దున మాట్లాడకుండానే కూతురు కాలేజీకి వెళ్లిపోయింది.

ఇలాంటి తగాదాల్ని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జూడిత్ స్మెటానా దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ఆమె గమనించిన విషయం ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. తల్లిదండ్రులు, పిల్లలు ఒకే విషయం మీద పోట్లాడుతున్నట్టు కనిపించినా, నిజానికి దాన్ని చెరో గదిలో పెట్టి చూస్తుంటారు. అమ్మ దృష్టిలో రాత్రి ఫోన్ అంటే నిద్ర, ఆరోగ్యం, చదువు. కూతురి దృష్టిలో అది తన స్నేహితులు, తన సొంత విషయం. అమ్మ నిద్ర గురించి ఎన్ని కారణాలు చెప్పినా కూతురికి చేరనిది అందుకే. ఆమె అడుగుతున్న ప్రశ్న వేరు: నా విషయాల్లో నిర్ణయం ఎవరిది?

ఇప్పుడు అమ్మ మధ్యాహ్నం రాసుకున్న మొదటి మెసేజ్ చూడండి. "రాత్రి అలా అన్నందుకు సారీ నాన్నా. కానీ నువ్వు కూడా అర్థం చేసుకోవాలి. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. నీ మంచికే కదా చెప్పేది. ఇంత రాత్రి దాకా ఫోన్ ఎందుకు?" ఇందులో ప్రేమ ఉంది, నిజం కూడా ఉంది. కానీ "కానీ" దగ్గరకు వచ్చేసరికి సారీ చెరిగిపోయింది. "నీ మంచికే" అన్నాక కూతురు కాదనడానికి చోటే లేదు. చివర ఉన్నది ప్రశ్నలా కనిపించే నింద. దానికి "ఏం లేదు" అనడం తప్ప కూతురు ఇంకేం జవాబిస్తుంది?

దాన్నే ఇలా మార్చొచ్చు. "అమ్మలూ, రాత్రి 'నమ్మేలా ఉంటే కదా' అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఫోన్ అలా లాక్కోవడం నీకు ఎంత చిన్నతనంగా అనిపించి ఉంటుందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నాకు నీ నిద్ర గురించి టెన్షన్ ఉంది, అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నీ వైపు నుంచి వినాలని ఉంది. ఈరోజే కానక్కర్లేదు."

సారీ దేనికో ఇందులో స్పష్టంగా ఉంది. గొడవలో తాను అన్న మాటనే తిరిగి చెప్పి, అది తప్పని ఒప్పుకుంది. నిద్ర విషయాన్ని దాచలేదు, ఎందుకంటే దాస్తే తర్వాత అది మోసంలా అనిపిస్తుంది. కానీ దాన్ని ఇప్పుడే తేల్చాలనీ అనలేదు. జవాబు ఎప్పుడివ్వాలో కూతురికే వదిలేసింది. గొడవంతా "నిర్ణయం ఎవరిది" అన్నదాని గురించి కాబట్టి, నా దృష్టిలో ఆ చివరి వాక్యానిదే ఎక్కువ బరువు.

రాసిన మాటకు ఒక పెద్ద లోపం ఉంది. అందులో గొంతు ఉండదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు 2005లో అచ్చయిన తమ ప్రయోగాల్లో విద్యార్థుల చేత కొన్ని వాక్యాలు సీరియస్‌గా, కొన్ని వెటకారంగా ఈమెయిల్‌లో రాయించారు. అవతలివాళ్లు ఏది ఏదో దాదాపు 78 శాతం సార్లు కనిపెట్టేస్తారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా కనిపెట్టగలిగింది 56 శాతమే. కళ్లు మూసుకుని ఊహించినా 50 శాతం వస్తుంది. రాసేటప్పుడు మన గొంతు మనకు లోపల వినిపిస్తూ ఉంటుంది, చదివేవాళ్లకూ వినిపిస్తుందని పొరబడతాం. అందుకే "సరే నీ ఇష్టం" అనే మాట మెసేజ్‌లో వాడకపోవడమే మంచిది. అమ్మ ప్రేమగా రాసినా, కోపంలో ఉన్న పిల్ల దాన్ని దెప్పిపొడుపుగానే చదువుతుంది.

ఇంకో పరిమితి ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్జర్, సేత్ పొలాక్ బృందం సుమారు ఏడున్నర నుంచి 12 ఏళ్ల ఆడపిల్లలకు కొత్తవాళ్ల ముందు మాట్లాడటం, లెక్కలు చేయడం లాంటి ఒత్తిడి పరీక్ష పెట్టింది. తర్వాత కొందరిని అమ్మను కలవనిచ్చారు, కొందరిని ఫోన్‌లో మాట్లాడనిచ్చారు, కొందరిని మెసేజ్‌లు పంపుకోనిచ్చారు. కొందరికి అమ్మతో మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు. కలిసినవాళ్లలోనూ, గొంతు విన్నవాళ్లలోనూ ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్ తగ్గింది, ఆప్యాయతతో ముడిపడిన హార్మోన్ ఆక్సిటోసిన్ పెరిగింది. మెసేజ్‌లు పంపుకున్న పిల్లల కార్టిసోల్ మాత్రం అమ్మతో అసలు మాట్లాడని పిల్లల కార్టిసోల్ లాగే ఉంది. వీళ్లు మన ఉదాహరణలోని అమ్మాయి కంటే చిన్నవాళ్లు, పైగా వాళ్ల ఒత్తిడి అమ్మతో గొడవ వల్ల వచ్చింది కాదు. అయినా ఒక సంగతి అర్థమవుతుంది: మెసేజ్ వల్లే మనసు కుదుటపడుతుందని ఆశించకూడదు. మాట కలవడానికి దారి తెరిస్తే, దాని పని అయిపోయినట్టే.

బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే రెండో మెసేజ్ పెట్టకండి. "చూశావు కదా, రిప్లై ఇవ్వవేం" అని అడిగితే, ఎప్పుడైనా మాట్లాడొచ్చన్న మాటను మీరే వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది. సాయంత్రం మామూలుగా టిఫిన్ పెట్టండి, మామూలు విషయాలు మాట్లాడండి. "ఊ" అని ఒక్క అక్షరం వచ్చినా అది జవాబే. అయితే గొడవతో సంబంధం లేకుండా అమ్మాయి రోజుల తరబడి తినకపోయినా, స్నేహితులకు కూడా దూరమైనా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా మెసేజ్‌లతో ఆగకూడదు. నేరుగా పక్కన కూర్చుని అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

మన ఉదాహరణలో రాత్రికి కూతురు ఇలా రాసిందనుకుందాం: "మా గ్యాంగ్ అందరూ ఆ టైమ్‌కే ఫ్రీ అవుతారు. నేను లేకపోతే పొద్దున నాకేం తెలీదు." నిద్ర సంగతి ఎత్తడానికి ఇదే అదను అని అమ్మకు అనిపిస్తుంది. అప్పుడు కూడా ఆగి, "అంటే పొద్దున కాలేజీలో వాళ్ల మాటల్లో నువ్వు బయటిదానివి అయిపోతున్నట్టు ఉంటుందా?" అని అడిగితే, రెండో లైన్ కాకుండా ఫోన్ కాలే రావచ్చు. పదకొండు గంటలా, పదిన్నరా అన్న బేరం ఆ తర్వాత, ఇద్దరూ కూర్చుని చేసుకోవచ్చు.