ఆడిటర్ సర్టిఫికెట్ మీద ఆ 18 అక్షరాల నంబరు ఎందుకొచ్చింది?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లల్ని అమెరికా చదువుకు పంపే ఇళ్లలో వీసా ఫైల్ తయారవుతుంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: 'ఆడిటర్ గారి సర్టిఫికెట్ తీసుకోవాలి.' కుటుంబానికి ఉన్న ఆస్తి ఎంత, అప్పు పోను మిగిలేది ఎంత అని చార్టర్డ్ అకౌంటెంట్ లెక్కగట్టి సంతకం చేసే కాగితం అది. దాని మీద యూడిన్ అనే 18 అక్షరాల నంబరు కూడా ఉండాలి. ఈ సంతకాన్ని కట్టడి చేసే నియమాలకు చాలా పాత చరిత్ర ఉంది.

చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం 1949లో వచ్చింది. సీఏలను నియంత్రించే ఐసీఏఐ అనే సంస్థ ఆ చట్టం కిందే ఏర్పడింది. సీఏ చదివినంత మాత్రాన ప్రాక్టీస్ చేయడం కుదరదు. సంస్థ రిజిస్టర్‌లో పేరుండాలి, ప్రాక్టీస్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. తప్పు రుజువైతే తీసేసేది ఆ పేరునే. పేరు పోతే ప్రాక్టీస్ కూడా ఆగిపోతుంది.

ఏది తప్పో చట్టం చివర ఉన్న రెండు షెడ్యూళ్లు చెబుతాయి. వీసా సర్టిఫికెట్ల విషయంలో రెండూ పనిచేస్తాయి. కన్సల్టెన్సీ వాళ్లు గిరాకీ పంపినందుకు ఆడిటర్ తన ఫీజులో కమీషన్ ఇస్తే అది మొదటి షెడ్యూల్ తప్పు. కాగితాలు సరిగా చూడకుండా, తగిన సమాచారం తెప్పించుకోకుండా సంతకం పెడితే అది రెండో షెడ్యూల్ తప్పు, మొదటిదానికన్నా తీవ్రమైనది. నా అనుభవంలో మొదటిది ఉన్నచోటే రెండోది ఎక్కువగా పుడుతుంది. ఫైళ్లు కట్టలుగా తెచ్చి ఇచ్చే మధ్యవర్తి ఉన్నప్పుడు, కుటుంబం ముఖం కూడా చూడకుండా సంతకం జరిగిపోతుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. వాల్యూయర్ రిపోర్టు ప్రకారం నాలుగెకరాల పొలం 80 లక్షలు, ఇల్లు 35 లక్షలు, బంగారం 12 లక్షలు, బ్యాంకు డిపాజిట్ 8 లక్షలు. మొత్తం కోటీ 35 లక్షలు. పంట రుణం 6 లక్షలు, బంగారం మీద అప్పు 4 లక్షలు ఉన్నాయి. అవి తీసేస్తే నికరంగా మిగిలేది కోటీ 25 లక్షలు. 'అప్పు కూడా చూపించాలా సార్? వీసా రాదేమోనని టెన్షన్‌గా ఉంది' అని తండ్రి అడగడం మామూలే. చూపించాల్సిందే. పొలం నిజంగా ఆయన పేరున ఉందా లేక ఉమ్మడి ఆస్తా అన్నది 1-బీ అనే భూమి రికార్డులో చూడాలి, బంగారం తాకట్టులో ఉందా అన్నది బ్యాంకు కాగితంలో చూడాలి. ఆ పొలంలో సగం బాబాయి పేరున ఉందనుకోండి, లెక్కలోంచి ఒక్కసారిగా 40 లక్షలు ఎగిరిపోతాయి. పాస్‌బుక్ జిరాక్స్ ఒక్కటి చూసి సంతకం పెట్టిన ఆడిటర్ ఇరుక్కునేది ఇక్కడే.

2006కు ముందు తీవ్రమైన తప్పుల మీద శిక్ష ఖరారు కావాలంటే విషయం హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చేది. ఆ ఏడాది సవరణతో డైరెక్టర్ (డిసిప్లిన్), బోర్డు, డిసిప్లినరీ కమిటీ వచ్చాయి. ఆ సవరణ ప్రకారం మొదటి షెడ్యూల్ తప్పులను విచారించే బోర్డు మందలించవచ్చు, మూడు నెలల వరకు పేరు తీసేయవచ్చు, లక్ష దాకా జరిమానా వేయవచ్చు. రెండో షెడ్యూల్ తప్పులు కమిటీ ముందుకు వెళతాయి. అక్కడ పేరు శాశ్వతంగా కూడా పోవచ్చు, జరిమానా ఐదు లక్షల వరకు ఉండవచ్చు. ఈ పరిమితులను పెంచుతూ 2022లో పార్లమెంటు మరో సవరణ ఆమోదించింది.

ఇవన్నీ నిజమైన ఆడిటర్లకు. అసలు సీఏ కానివాళ్లు స్టాంపు చేయించుకుని సంతకాలు పెడుతుంటే రిజిస్టర్‌లోంచి తీసేయడానికి పేరే ఉండదు. యూడిన్ వచ్చింది ఈ బెడదకు విరుగుడుగానే. 2019 ఫిబ్రవరి 1 నుంచి సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కు అది తప్పనిసరి అయింది. ఆ 18 అక్షరాల్లో మొదటి రెండు సంవత్సరాన్ని, తర్వాతి ఆరు ఆడిటర్ సభ్యత్వ నంబరును చెబుతాయి, మిగతా పదిని సిస్టమ్ ఇస్తుంది. udin.icai.orgలో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అక్కడ కనిపించే పత్రం రకం, తేదీ, అంకెలు మీ చేతిలో ఉన్న కాగితంతో కలవాలి. పాత యూడిన్‌ను కొత్త కాగితం మీద అతికిస్తే అంకెల దగ్గరే దొరికిపోతుంది.

అయితే యూడిన్ చెప్పేది సంతకం ఎవరిదన్న సంగతి వరకే. పొలం విలువ నిజమా, అప్పు దాచారా అన్నది అది చెప్పదు. అది తేలాలంటే ఫిర్యాదు చేయాలి. ఫారం-1లో, ఆధారాలు జతచేసి డైరెక్టర్ (డిసిప్లిన్)కు పంపాలి. తప్పు జరిగినట్టు పైకి కనిపిస్తోందా లేదా అన్నది ఆయన తేల్చాక బోర్డుకో కమిటీకో వెళుతుంది. విషయం ఏడేళ్లు దాటి, సాక్ష్యం దొరకడం కష్టమైతే ఫిర్యాదు తీసుకోకపోవచ్చు. కాబట్టి ఆడిటర్‌కు ఇచ్చిన ప్రతి కాగితం నకలు, ఫీజు రసీదు వీసా వచ్చాక కూడా ఇంట్లో దాచుకోండి.