అయోకు 42 గంటలు, చందమామకు 27 రోజులు

చందమామ మనకు దాదాపు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంటూ 27.3 రోజులకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో దూరం కూడా ఇంచుమించు అంతే, 4,21,700 కిలోమీటర్లు. కానీ దానికి ఒక చుట్టుకు పట్టేది నలభై రెండున్నర గంటలే! అంటే దూరం తెలిస్తే చాలదు, మధ్యలో ఉన్నది ఎవరన్నదీ చూడాలి.

మధ్యలో ఉన్నది ఒకటే అయితే మాత్రం లెక్క చక్కగా కుదురుతుంది. కాలాన్ని వర్గం చేస్తే అది దూరం ఘనంతో పాటే పెరుగుతుందని కెప్లర్ 1618లో గ్రహాల విషయంలో పట్టుకున్నాడు. గురుడి ఉపగ్రహాలతో సరిచూద్దాం. కలిస్టో దూరం 18,82,700 కిలోమీటర్లు, అయో దూరానికి 4.465 రెట్లు. దీని ఘనం 89. కలిస్టో చుట్టు 16.689 రోజులు, అయోది 1.769. నిష్పత్తి 9.434, దాని వర్గం కూడా 89.

ఎందుకిలా? కక్ష్యను వృత్తం అనుకుందాం. ఉపగ్రహం నేరుగా దూసుకుపోకుండా వంపు తిరగాలంటే లోపలికి లాగే బలం కావాలి. ఆ బలం గురుత్వాకర్షణే. గ్రహం ద్రవ్యరాశి M, ఉపగ్రహానిది m, వాటి మధ్య దూరం r, ఉపగ్రహం వేగం v, ఒక చుట్టుకు పట్టే కాలం T, గురుత్వ స్థిరాంకం G అనుకుంటే:

GMm/r² = mv²/r

రెండు వైపులా ఉన్న m కొట్టేయవచ్చు. అందుకే ఉపగ్రహం చిన్నదా పెద్దదా అన్న పట్టింపు లేదు. ఒక చుట్టుకు 2πr దూరం కాబట్టి v = 2πr/T. దాన్ని పైన పెడితే:

T² = 4π²r³/GM

చందమామకూ అయోకూ తేడా ఈ M దగ్గరే వచ్చింది. అయో దూరాన్ని మీటర్లలో, కాలాన్ని సెకన్లలో (సుమారు 1,52,850) వేస్తే గురుడి ద్రవ్యరాశి 1.9 × 10²⁷ కిలోలు అని తేలుతుంది. భూమికి దాదాపు 318 రెట్లు. త్రాసు అక్కర్లేకుండా గ్రహాన్ని తూచేశామన్నమాట.

చాలామంది తడబడేది r దగ్గర. దాన్ని గ్రహం కేంద్రం నుంచి కొలవాలి, ఉపరితలం నుంచి కాదు. గురుడి వ్యాసార్ధం దాదాపు 71,500 కిలోమీటర్లు. దాన్ని తీసేసి ఎత్తులతో లెక్కేస్తే దూరాల నిష్పత్తి 5.17 అవుతుంది, ఘనం 138కి ఎగబాకుతుంది. 89 ఎక్కడ, 138 ఎక్కడ! ఇంత తేడా కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఇక కక్ష్య సాగిన దీర్ఘవృత్తమైతే r బదులు దాని పొడవాటి వ్యాసంలో సగం వాడితే సరిపోతుంది. m కొట్టేయడంలో ఒక మినహాయింపు మాత్రం ఉంది: గ్రహం కదలకుండా ఉందని మనం అనుకున్నాం. అయో బరువు గురుడిలో ఇరవై వేల వంతుకన్నా తక్కువ కాబట్టి అక్కడ చెల్లింది. ప్లూటో ఉపగ్రహం కారన్ ద్రవ్యరాశి ప్లూటోలో దాదాపు 12 శాతం. అక్కడ M బదులు రెండింటి మొత్తం వేయాలి, లేకపోతే చుట్టు కాలం ఆరు శాతం దాకా ఎక్కువగా వస్తుంది.