యాంటీ స్కిడ్ టైల్ వేశాక కూడా కాలు ఎందుకు జారుతుంది: అపోహలు, వాస్తవాలు

కొత్తగా వేయించిన యాంటీ స్కిడ్ నేల ఆరు నెలలకే జారుడుగా మారిందంటే ముందు చూడాల్సింది నీళ్లను. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో స్నానానికి బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వాడతారు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసినప్పుడు సరిగా నురగ రాదు సరికదా, నీళ్లలో కరగని తెల్లటి జిడ్డు ఏర్పడుతుంది. బకెట్ లోపలి అంచున గీతలా పట్టేది అదే. అదే జిడ్డు టైల్ గరుకులోకీ దిగుతుంది. ఆదివారం తలంటు నూనె కూడా తోడైతే గరుకు మొత్తం పూడుకుపోతుంది. అప్పుడు మన పాదానికి తగిలేది టైల్ కాదు, దాని మీది సబ్బు పొర.

కాబట్టి టైల్ గరుకు, టైల్ సైజు, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్, ఏది ఎంచుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీని మీద నీళ్లు నిలవకుండా పోతాయా? దీనికి పట్టిన జిడ్డు కడిగితే వదులుతుందా? లెక్క తేలిగ్గా అర్థమవడానికి అపార్ట్‌మెంట్లలో మామూలుగా కనిపించే 5 అడుగులు బై 7 అడుగుల బాత్రూమ్‌ను, పెద్దవాళ్లు వాడేదాన్ని, ఉదాహరణగా తీసుకుందాం.

అపోహ: మ్యాట్ ఫినిష్ అయితే జారదు. డబ్బా మీద యాంటీ స్కిడ్ అని రాసి ఉంటే ఇక చూడక్కర్లేదు.

మ్యాట్ అంటే మెరుపు లేదని మాత్రమే అర్థం. మెరవని టైల్ కూడా చేత్తో తడిమితే అద్దంలా నున్నగా ఉండొచ్చు. పట్టును చెప్పేది ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా ఉండే రేటింగ్. ఇది జర్మన్ పద్ధతిలో చేసే పరీక్ష. టైల్స్ పరిచిన పలకకు నూనె రాసి, బూట్లు వేసుకున్న మనిషిని దాని మీద నడిపిస్తూ, అతను జారేదాకా పలకను వాలుస్తారు. లెక్క 9 దగ్గరే మొదలవుతుంది కనుక ఆర్ 9 అంటే అన్నిటికన్నా తక్కువ పట్టు. 10కి 9 మార్కులు వచ్చినట్టు అనుకుని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. స్నానం చేసే చోటికి ఆర్ 10 కన్నా తక్కువ వద్దు, పెద్దవాళ్లున్న ఇంట్లో ఆర్ 11 అడగండి. 10 నుంచి 19 డిగ్రీల వాలులో జారినవన్నీ ఆర్ 10 కిందికే వస్తాయి కనుక ఒకే రేటింగ్ ఉన్న రెండు టైల్స్ మధ్య కూడా బాగా తేడా ఉండొచ్చు. ఒట్టి కాళ్లతో, సబ్బు నీళ్ల మీద చేసే పరీక్ష వేరే ఉంది. దానికి ఏ, బీ, సీ అని గ్రేడ్లు ఇస్తారు. షవర్ కింద నేలకు బీ కావాలి. క్యాటలాగ్‌లో ఈ గ్రేడు కనిపిస్తే ఆర్ నంబరు కన్నా దీన్నే నమ్మండి, ఎందుకంటే బాత్రూమ్‌లోకి ఎవరూ బూట్లతో వెళ్లరు.

ఏ రేటింగూ రాసి లేకపోతే షాపులోనే చూసుకోవచ్చు. శాంపిల్ టైల్‌ను నేల మీద సమంగా పెట్టించి, రెండు చెంచాల నీళ్లు, రెండు చుక్కల షాంపూ వేసి, కూర్చుని మడమను బరువుగా ఆనించి ముందుకు తోయండి. పొడి టైల్‌ను వేలితో రాసి చూస్తే ఏమీ తెలియదు. పొడిగా ఉన్నప్పుడు నున్నటి టైల్ కూడా బాగానే పట్టుకుంటుంది.

అపోహ: ఎంత గరుకుగా ఉంటే అంత క్షేమం.

పార్కింగ్‌కు వేసే ముతక టైల్‌ను బాత్రూమ్‌లో వేయించడం ఈ నమ్మకంతోనే. గరుకులో రెండు రకాలున్నాయి. ఒకటి ఉపరితలం మీదికి లేచిన సన్నటి గుట్టలు. వాటి మధ్య సందులు ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి పాదం ఆనగానే కింద ఉన్న నీళ్లు పక్కకు పోతాయి, చర్మం టైల్‌కు తగులుతుంది. రెండోది లోపలికి దిగిన గుంటలు. వాటిలోని నీటికి బయటికి దారి ఉండదు. నీళ్లు అక్కడే ఆరతాయి, సబ్బు అక్కడే మిగులుతుంది, దాని మీద పాకుడు పడుతుంది. చీపురు పుల్ల గుంట అడుక్కి చేరదు కనుక ఎంత తోమినా ఆ నలుపు పోదు. బాత్రూమ్‌కు కావలసింది గుట్టలే, గుంటలు కాదు. అవి కూడా సన్న ఇసుక తగిలినట్టు ఉండాలి. అరచేతిని గీరేటంత ముతక అయితే వయసు మీదపడి చర్మం పలచబడ్డ పాదాలకు ఇబ్బంది.

కొనేముందు ఇంకో పని చేయండి. శాంపిల్ మీద వేలితో కాటుక రుద్ది, ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసిన తడిగుడ్డతో పదిసార్లు తుడవండి. సందుల్లో నల్లగా మిగిలిపోతే ఆ టైల్‌ను వదిలేయండి. ఆరు నెలల తర్వాత మీ బాత్రూమ్ ఎలా ఉంటుందో ఆ మరకే చూపిస్తుంది.

అపోహ: పెద్ద టైల్ వేస్తే జాయింట్లు తక్కువ, కాబట్టి శుభ్రం చేయడం తేలిక.

గోడకు అది నిజమే. నేల దగ్గర మాత్రం వాటం, అంటే నీళ్లు పోవడానికి ఇచ్చే వాలు, అడ్డొస్తుంది. నీళ్లు నహానీ ట్రాప్ వైపు పోవాలంటే అడుగుకు 4 నుంచి 5 మి.మీ. దిగాలి. తలుపు నుంచి ట్రాప్‌కు 6 అడుగుల దూరముంటే మొత్తం 24 నుంచి 30 మి.మీ. దిగుడన్నమాట. పైగా చాలా ఇళ్లలో ట్రాప్ సరిగ్గా మూలలో ఉండదు, గోడకు కొంచెం ఇవతల ఉంటుంది. అంటే నాలుగు వైపుల నుంచీ దాని వైపు వాటం ఇవ్వాలి. టైల్ వంగదు కదా. 600 బై 600 మి.మీ. టైల్ రెండు వాటాలు కలిసే మడత మీద పడితే ఒక మూల లేస్తుంది, ఆ అంచు కాలికి తగులుతుంది. అంచు లేవకూడదని మేస్త్రీ వాటాన్నే తగ్గించేస్తే ట్రాప్‌కు అడుగు దూరంలో నీళ్లు మడుగు కడతాయి. పాకుడు ముందుగా పట్టేది అక్కడే.

300 బై 300 మి.మీ. టైల్‌తో ఈ బాధ బాగా తగ్గుతుంది. ట్రాప్ చుట్టూ ఉన్న టైల్స్‌ను మూల నుంచి మూలకు కోసి పరిస్తే మడత సాఫీగా వస్తుంది. మన 5 బై 7 నేల అంటే 35 చదరపు అడుగులు, సుమారు 3.25 చదరపు మీటర్లు. టైల్స్ 37 పడతాయి. కోతలకు పది శాతం కలిపి 41 లెక్క వేసుకుని, విడిగా ఇంకో నాలుగు దాచుకోండి. ఎప్పుడైనా పైపు కోసం నేల పగలగొట్టాల్సి వస్తే అదే షేడు మళ్లీ దొరకదు.

అయితే జాయింట్ల వల్లే పట్టు వస్తుందనుకోవడమూ పొరపాటే. అడుగు టైల్ మీద పాదం కింద పడేది ఒకటో రెండో జాయింట్లు, ఒక్కోసారి అదీ పడదు. టైల్ నున్నగా ఉంటే ఆ గీత మనిషిని ఆపలేదు.

వాటాన్ని రసమట్టంతో చూసి వదిలేయకండి. గ్రౌట్ నింపకముందే, టైల్ కింది మసాలా బాగా గట్టిపడ్డాక, తలుపు దగ్గర ఒక మగ్గు నీళ్లు పోయండి. పావుగంట తర్వాత ఎక్కడైనా మడుగు మిగిలితే ఆ టైల్‌ను అప్పుడే లేపించాలి. గ్రౌట్ పడ్డాక ఎవరూ లేపరు.

అపోహ: ఎపాక్సీ గ్రౌట్ వేస్తే లీకేజీ ఉండదు, ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు.

కింది ఫ్లోరుకు తేమ దిగకుండా ఆపాల్సింది టైల్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్. ట్రాప్ అంచు, గోడ మొదలు, కమోడ్ చుట్టూ ఉండే సందులను ఏ గ్రౌటూ పూర్తిగా కాపాడలేదు. ఎపాక్సీ వల్ల కలిగే లాభం వేరు. అది నీటిని పీల్చదు, కనుక నల్లబడదు, మామూలు క్లీనర్లకు కరగదు. వైట్ సిమెంట్‌లో రంగు కలిపి నింపడం మాత్రం మానేయండి. అది ఆరేటప్పుడు కుంచించుకుని అంచుల్లో చీలుతుంది, ఆ చీలికలోకే మురికి చేరుతుంది.

మన నేలకు ఎంత కావాలి? 3 మి.మీ. స్పేసర్లు పెట్టి, టైల్ మందం 8 మి.మీ. అనుకుంటే జాయింట్ల పొడవు మొత్తం 22 మీటర్ల దాకా వస్తుంది. అందులో పట్టే గ్రౌట్ 800 గ్రాముల పైచిలుకు. వృథా కలుపుకుంటే ఒక కిలో కిట్ సరిపోతుంది.

యాంటీ స్కిడ్ టైల్‌కు ఎపాక్సీ వేసేటప్పుడే అసలు నష్టం జరుగుతుంది, ఇది చాలామందికి తెలియదు. రబ్బరు పలకతో నేలంతా పామితే ఎపాక్సీ గరుకు సందుల్లోకి కూడా వెళ్లి గట్టిపడుతుంది. జాయింట్‌కు రెండు వైపులా అంగుళం మేర టైల్ నున్నగా, కాస్త మెరుస్తూ కనిపిస్తే జరిగింది ఇదే. మీరు డబ్బు పెట్టి కొన్న గరుకు అక్కడ పోయినట్టే. గట్టిపడ్డాక దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. కాబట్టి జాయింట్‌కు ఇరుపక్కలా మాస్కింగ్ టేపు అంటించి నింపమనండి. కిట్‌లో వచ్చే మూడింటిలో రెజిన్, హార్డెనర్ ముందు బాగా కలిశాకే ఫిల్లర్ పొడి కలపాలి, చుక్క నీళ్లు కూడా పోయకూడదు. ఒక విడతకు పది చదరపు అడుగులకు మించి పట్టొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో కలిపిన ముద్ద త్వరగా బిగుస్తుంది, అందుకని పొద్దున్నే మొదలుపెట్టి సగం సగంగా కలుపుకోవాలి. సగం అంటే మూడింటినీ తూకం వేసి సగం చేయడం, కంటి అంచనాతో కాదు. హార్డెనర్ కొలత తప్పితే గ్రౌట్ కొన్నిచోట్ల ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. టేపు లాగేశాక తడి స్క్రబ్బరుతో, ఆ వెంటనే స్పాంజితో, నీళ్లు మారుస్తూ తుడవాలి. ముందుగా ఒక విరిగిన టైల్ ముక్క మీద పూసి, తుడిచి, అది వదులుతుందో లేదో చూశాకే నేల మీదికి రండి.

రంగు విషయంలో మధ్యరకం బూడిదరంగు మేలు. తెలుపు మీద బోరు నీటి పసుపు, నలుపు మీద ఉప్పు తెలుపు వెంటనే కనిపిస్తాయి.

అపోహ: నెలకోసారి యాసిడ్ పోస్తే నేల కొత్తదానిలా అవుతుంది.

తెల్లటి పొర పోతుంది నిజమే, కానీ దాంతోపాటే సిమెంట్ గ్రౌట్ కూడా కరుగుతుంది. యాసిడ్ పోయగానే జాయింట్లలో బుసబుసమని నురగ వచ్చిందంటే మీ గ్రౌట్ పోతున్నట్టే లెక్క. కొన్నాళ్లకు జాయింట్ లోతుకు దిగి, వేలితో గీకితే ఇసుక రాలుతుంది. ట్రాప్ మీది స్టీలు జాలీ కూడా తుప్పు పడుతుంది. పైగా యాసిడ్ సబ్బు జిడ్డును పూర్తిగా తీయదు, అందులోని కొవ్వు మిగిలిపోతుంది. కాబట్టి వాసన ఘాటుగా ఉన్నా నేల మళ్లీ జారుతుంది.

క్రమం ఇలా ఉండాలి. వారానికోసారి అరబకెట్ గోరువెచ్చటి నీళ్లలో డిష్‌వాష్ లిక్విడ్ రెండు చెంచాలు కలిపి నేల మీద పోసి, పది నిమిషాలు ఆగి, గట్టి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తోమి కడిగేయాలి. నూనె, సబ్బు పొర దీంతో వదులుతాయి. వైపరుతో నీళ్లు ట్రాప్‌లోకి లాగేస్తే ఉప్పు మిగలడం సగం తగ్గుతుంది. అప్పటికీ తెల్లటి మరకలుంటే, నెలకోసారి లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి మరక ఉన్నచోట మాత్రమే రాయండి. సిమెంట్ గ్రౌట్ అయితే ముందు నేలను మంచినీళ్లతో తడిపి, ఐదు నిమిషాల్లో కడిగేయాలి. వైర్ బ్రష్ వద్దు. మైనం పాలిష్ అసలే వద్దు, అది గరుకును చేజేతులా పూడ్చడమే.

యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకేసారి గానీ ఒకదాని వెనక ఒకటి గానీ వేయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న వెంటిలేటరున్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పని చేసే అమ్మాయికి ఈ ఒక్క మాట ఈ రోజే చెప్పండి, ఆ రెండు డబ్బాలనూ వేర్వేరు చోట్ల పెట్టండి.