అలర్ట్ ఏ అంకెకు పెట్టాలి: అపోహలు - వాస్తవాలు

గృహోపకరణాల ధరలు ఎప్పుడెలా కదిలాయో చూసి, కొనేవారికి సలహా చెప్పడం నా పని. నా దగ్గరకు వచ్చేవారు చాలామంది, ధర తాము చెప్పిన అంకెకు దిగగానే ఫోనుకు కబురు పంపే అలర్ట్‌ను అప్పటికే పెట్టుకుని ఉంటారు. పొరపాటంతా పెట్టిన అంకెలోనే ఉంటుంది.

అపోహ: ఇప్పటివరకు నమోదైన కనిష్ఠ ధరకే అలర్ట్ పెట్టాలి.

ఆ కనిష్ఠం ఎంతసేపు నిలిచిందో ముందు చూడండి. ఒకాయన వాషింగ్ మెషీన్ కోసం వచ్చారు. దాని మామూలు ధరను 100 అనుకుందాం. ధరల చరిత్ర చూపే ఏడాది గ్రాఫులో ధర ఎక్కువ రోజులు 96, 100 మధ్యే తిరిగింది. నాలుగుసార్లు 85కు దిగి, మూడేసి రోజులు అక్కడే నిలిచింది. ఒక్కసారి మాత్రం 71కి పడి, గంటల్లోనే లేచిపోయింది. అలాంటి సూదిమొన గీత వెనుక ఉండేది సాధారణంగా కొద్దిపాటి సరుకుతో పెట్టిన మెరుపు అమ్మకం, లేదా తప్పుగా ఎక్కించిన అంకె.

ఆయన 72కు అలర్ట్ పెట్టి ఏడు నెలలు ఎదురుచూశారు. ఈలోగా ధర రెండుసార్లు 85కు వచ్చి వెళ్లినా ఫోను మోగలేదు. ఆ తర్వాత కొత్త మోడల్ వచ్చింది. పాత సరుకు దాదాపు అయిపోయింది, మిగిలిన ఒకరిద్దరు అమ్మకందారులు 108 అడగడం మొదలుపెట్టారు. పాత మోడల్ రోజులు గడిచేకొద్దీ చవకవుతుందని ఆయన నమ్మకం. సరుకు వదిలించుకునే కొద్ది వారాలే అది నిజం.

నేను సూదిమొనలను లెక్కలోకి తీసుకోను. కనీసం ఒక రోజంతా నిలిచి, ఏడాదిలో రెండుమూడుసార్లు తిరిగివచ్చిన మెట్టును వెతుకుతాను. ఇక్కడ అది 85. అలర్ట్ మాత్రం 86కు పెడతాను. ఈసారి ధర 85.5 దగ్గరే ఆగిపోతే, 85కు పెట్టిన అలర్ట్ మౌనంగా ఉండిపోతుంది.

అపోహ: గ్రాఫులోని ధరే మనం కట్టే ధర.

ఈ గ్రాఫులు గీసే కీపా, కామెల్‌కామెల్‌కామెల్ వంటి సాధనాలు అమెజాన్ సొంత ధరకు, ఇతర అమ్మకందారుల కొత్త వస్తువు ధరకు, వాడిన వస్తువు ధరకు వేర్వేరు గీతలు గీస్తాయి. మీ అలర్ట్ ఏ గీతకు కట్టి ఉందో చూసుకోండి. వాడినదాని గీతకు పెట్టుకుని, చవకగా దొరికిందని సంబరపడినవారిని చూశాను. కార్డు రాయితీ, యంత్రం బిగించే రుసుము, పాతదాన్ని తీసుకెళ్లే ఖర్చు సాధారణంగా గ్రాఫుకు ఎక్కవు. రవాణాకు 4 కలిస్తే, 83 కంటే ఉచితంగా ఇంటికి చేర్చే 85 మేలు.

అపోహ: ఒక్క లింకుకు అలర్ట్ పెడితే చాలు.

ఒకే యంత్రం రంగును బట్టి, దుకాణాన్ని బట్టి మోడల్ నంబరు చివరి అక్షరాలు మార్చుకుని రెండుమూడు పేజీల్లో ఉంటుంది. దేని చరిత్ర దానిదే. అందుకే కొత్తగా తెరిచిన పేజీలో ‘అత్యల్ప ధర’ అని కనిపిస్తే నేను మొదట గ్రాఫు ఎడమ చివరకు వెళ్లి తేదీ చూస్తాను. మూడు వారాల వయసున్న గ్రాఫు అయితే, పాత పేజీ వెతికి దాని గ్రాఫు తెరుస్తాను.