ఆదివారం కాన్‌స్టంటైన్ పెట్టిందేనా? శనివారం, ఆదివారం గురించి అపోహలు - వాస్తవాలు

నేను బైబిల్ కాలేజీలో సంఘ చరిత్ర చెబుతాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూపించి అడుగుతారు. "అయ్యగారూ, దేవుడు శనివారం ఇచ్చాడట, రోమా చక్రవర్తి దాన్ని ఆదివారానికి మార్చేశాడట. మరి మనం ఇన్నాళ్లూ తప్పు రోజున ఆరాధిస్తున్నామా?" అడిగేవాళ్లు నిజంగా బాధపడుతూనే అడుగుతారు. అందుకే దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపించలేను.

అపోహ: క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ ఆరాధనను శనివారం నుంచి ఆదివారానికి మార్చాడు.

321 మార్చిలో ఆయన ఒక చట్టం చేసిన మాట నిజం. అందులో ఏముందో చూడండి. సూర్యుని దినాన, అంటే ఆదివారం, న్యాయాధికారులు, పట్టణవాసులు, చేతిపనుల వాళ్లు పని ఆపాలి. రైతులు మాత్రం పొలం పని చేసుకోవచ్చు, ఎందుకంటే విత్తనం వేయడానికో ద్రాక్ష నాటడానికో అనువైన రోజు దాటిపోతే మళ్లీ దొరకదు. అంతే. అది పని ఆపడం గురించిన చట్టం. ఎవరు ఎప్పుడు ఆరాధించాలన్న మాట అందులో లేదు.

ఆరాధన అంతకు చాలా ముందే ఆదివారం జరుగుతోంది. 150 ప్రాంతంలో రోము నగరంలో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవుడు, తమ మీద ఉన్న అనుమానాలు తీర్చడానికి చక్రవర్తిని ఉద్దేశించి ఒక విన్నపం రాశాడు. తమ కూడికలో ఏం జరుగుతుందో అందులో వరుసగా చెప్పాడు. సూర్యుని దినాన పట్టణంలో వాళ్లూ పల్లెల్లో వాళ్లూ ఒకచోట చేరతారు. సమయం ఉన్నంతసేపు అపొస్తలుల రచనలు గానీ ప్రవక్తల గ్రంథాలు గానీ చదువుతారు. తర్వాత పెద్ద ప్రసంగిస్తాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు తెస్తారు. స్తోత్రం చెల్లించి పంచుకుంటారు, రాలేనివాళ్లకు పరిచారకులు ఇంటికి తీసుకెళ్లి ఇస్తారు. కలిగినవాళ్లు ఇచ్చిన కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, పరదేశులకు వెళ్తుంది. మన గుళ్లో ఆదివారం కూర్చున్నవాళ్లెవరికైనా ఈ వరుస తెలిసినట్టే ఉంటుంది. ఆ రోజే ఎందుకంటే జస్టిన్ రెండు కారణాలు చెప్పాడు: దేవుడు సృష్టి మొదలుపెట్టిన మొదటి రోజు అది, యేసు మృతుల్లోంచి లేచిన రోజూ అదే.

ఇది కాన్‌స్టంటైన్ చట్టానికి దాదాపు 170 ఏళ్ల ముందు మాట. ఇంకా వెనక్కి వెళ్తే కొత్త నిబంధనలోనే ఆనవాళ్లున్నాయి. త్రోయలో రొట్టె విరవడానికి కూడింది వారంలో మొదటి రోజున (అపొస్తలుల కార్యములు 20:7). కొరింథు వాళ్లు కానుక పక్కన పెట్టాల్సిందీ ఆ రోజే (1 కొరింథీ 16:2). అయితే ఒక జాగ్రత్త అవసరం. మన తెలుగు బైబిల్లో ఈ చోట్ల "ఆదివారము" అని ఉంటుంది, గ్రీకులో ఉన్నది "వారంలో మొదటిది" అన్న అర్థం. పైగా త్రోయ కూడిక రాత్రిపూట జరిగింది. యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది కాబట్టి అది మన శనివారం రాత్రి కావచ్చు, రోమీయుల లెక్కలో అయితే ఆదివారం రాత్రి. ఈ ఒక్క వచనం మీదే వాదన మొత్తం నిలబెట్టొద్దని విద్యార్థులకు చెబుతుంటాను.

మరి కాన్‌స్టంటైన్ మార్చిందేమిటి? ఆదివారాన్ని సెలవు చేశాడు. అంతకు ముందు మూడు వందల ఏళ్లు అది మామూలు పనిరోజు. అప్పటి క్రైస్తవుల్లో బానిసలూ కూలీలూ ఉన్నారు. 112 ప్రాంతంలో బితునియ అధిపతి ప్లీనీ, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడతారని చక్రవర్తికి రాశాడు. ఆ దినం ఏదో ఆయన చెప్పలేదు గానీ, ఆ వేళ మాత్రం పగలంతా పని ఉన్నవాళ్లకు కుదిరే వేళ. కూడిక ముందు వచ్చింది, విశ్రాంతి చాలా తర్వాత వచ్చి చేరింది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఆ మెసేజ్ పుట్టింది.

అపోహ: ఆదివారమే క్రైస్తవుల సబ్బాతు.

సబ్బాతు అంటే యూదులు శనివారం పాటించే విశ్రాంతి దినం. మన ఇళ్లలో ఆదివారాన్ని కూడా "విశ్రాంతి దినం" అనడం అలవాటు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ప్యూరిటన్లు 1600ల్లో ఆదివారాన్ని క్రైస్తవ సబ్బాతుగా బలంగా బోధించారు. ప్రొటెస్టెంట్ మిషనరీలతో ఆ అలవాటు చాలా దూరం ప్రయాణించింది. తొలి శతాబ్దాల వాళ్లు మాత్రం రెండింటినీ వేర్వేరు రోజులుగానే చూశారు. 300ల రెండో సగంలో లవొదికయలో జరిగిన సభ, క్రైస్తవులు శనివారం పని మానకూడదని, వీలైతే ప్రభువు దినాన మానాలని తీర్మానించింది. అప్పటికీ శనివారం ఆచరిస్తున్న క్రైస్తవులు ఉన్నారు కాబట్టే ఆ తీర్మానం అవసరమైంది. గ్రీకు భాషలో నేటికీ శనివారం పేరు "సవ్వతో", ఆదివారం పేరు "కిరియకీ", అంటే ప్రభువుది. రోజులు మారలేదు, పేర్లూ మారలేదు.

"సూర్యుని దినం" అన్న పేరు చూసి సూర్యారాధన అనేవాళ్లకు ఒక్క మాట. మన ఆదివారం కూడా ఆదిత్యవారమే, శనివారం శని గ్రహం పేరే. జస్టిన్ లోకం వాడే పేరు వాడాడు, మనమూ అదే చేస్తున్నాం.

అపోహ: యూదుల సబ్బాతు అంటే కదలకుండా కూర్చునే కఠినమైన రోజు.

సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించాక ముగుస్తుంది. చాలా ఊళ్లలో దీపం వెలిగించే వేళను సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందుగా లెక్కిస్తారు. సూర్యుడు 6:20కి అస్తమిస్తే 6:02కల్లా దీపాలు వెలగాలి. అప్పటికి వంట పూర్తయి ఉండాలి, ఎందుకంటే సబ్బాతులో వండకూడదు, నిప్పు రాజేయకూడదు. శనివారం మధ్యాహ్నం వేడిగా తినడానికి మాంసం, చిక్కుళ్లు, బార్లీ కలిపిన కూరను శుక్రవారమే సన్నని సెగ మీద పెట్టి రాత్రంతా ఉంచుతారు. ఆచారం గట్టిగా పాటించేవాళ్లు లైటు స్విచ్ కూడా నొక్కరు, ముందే టైమర్ పెట్టుకుంటారు.

ఇక్కడ "పని" అంటే ఒళ్లు అలిసే పని కాదు. యూదుల పాత ధర్మ నియమాల సంకలనమైన మిష్నా 39 రకాల పనులను లెక్కపెట్టింది, రబ్బీలు వాటిని ప్రత్యక్ష గుడారం కట్టిన పనులతో ముడిపెట్టారు. అందుకే ఇంట్లో బరువైన బల్ల జరపడం ఆ 39లో రాదు, రెండు అక్షరాలు రాయడం వస్తుంది. ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో ఉంటే ఈ నియమాలన్నీ పక్కకు వెళ్లాలి. కారు నడిపి ఆసుపత్రికి తీసుకెళ్లడం అప్పుడు తప్పు కాదు, విధి.

మిగతా సమయం కుటుంబంతో గడిచే పండుగే. మూడు పూటల భోజనం, ద్రాక్షారసం మీద ఆశీర్వచనం, బల్ల మీద రెండు అల్లిన రొట్టెలు, ఉదయం సమాజ మందిరంలో తోరా పఠనం, మధ్యాహ్నం నిద్ర. ముగింపులో ద్రాక్షారసం, సువాసన ద్రవ్యాలు, అనేక వత్తులు పేనిన కొవ్వొత్తితో ఆ రోజుకు వీడ్కోలు చెబుతారు.

అపోహ: క్రైస్తవులందరూ ఆదివారమే, యూదులు మాత్రమే శనివారం.

సెవెన్త్ డే అడ్వెంటిస్టులు క్రైస్తవులే, వాళ్లు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా సబ్బాతు ఆచరిస్తారు. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం రెండు రోజులనూ గౌరవిస్తుంది. కాథలిక్కులు శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా ఆదివారపు బాధ్యత తీరినట్టే, రోజును సాయంత్రంతో మొదలుపెట్టే పాత లెక్క అక్కడ ఇంకా బతికి ఉంది. ఇక మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం ఉంది. తమను యూదులుగా చెప్పుకునే ఆ కుటుంబాలు ఆదివారం వదిలి, శనివారమే సబ్బాతు ఆచరిస్తున్నాయి.